అర మీటరు పన్ను

అనంతపురంలో మా బావకూ నాకూ కలిపి ఒక వర్క్‌షాపు ఉండేది. బావ అంటే మా అక్క భర్త. కమ్మీలను గుండ్రంగా చెక్కే లేత్ మిషన్ ఆయనది, గాళ్ళు కోసే మిల్లింగ్ మిషన్ నాది. ఆ మిల్లింగ్ మిషన్‌ను బెంగళూరులో వేలంలో కొని, లారీ మీద తెచ్చి, ఏడుగురం కలిసి దించాం. రేకుల కప్పు, మట్టి గోడలు, వెనకాల అక్కావాళ్ళ ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం మిషన్ హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది.

మా పని ఎక్కువగా ఆయిలింజన్లు, లారీ గేర్లు, వేరుశెనక్కాయలు ఒలిచే మిషన్ల విడిభాగాలు. అంగుళాలూ, అంగుళంలో వెయ్యోవంతు థౌలూ మాకు నోటికి వచ్చు. మీటర్లు, మిల్లీమీటర్లు అప్పుడప్పుడే దేశంలోకి వస్తున్నాయి. బజారులో బట్టల కొట్టువాడు గజం కడ్డీ తీసేసి మీటరు కడ్డీ పెడితే, అక్క ఆ కొట్టుకు పోవడం మానేసింది, ఏదో మోసం జరుగుతోందని.

ఆ ఏడు వానలు మళ్ళీ మోసం చేశాయి. కుందుర్పి వైపు ఊళ్ళలో బావులు అడుగంటాయి. సర్కారువాళ్ళు బోరు వేసే బండిని పంపారు. అది విదేశం నుంచి వచ్చిన యంత్రం. దాన్ని నడిపే డ్రిల్లర్ మా బావకు పాత స్నేహితుడు, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వుతూ, గట్టిగా మాట్లాడే మనిషి. ఒకరోజు పొద్దున్నే ఆయన జీపు దిగి, గోనెసంచిలో చుట్టిన ఒక ఇనుప కమ్మీని తెచ్చి మా గుమ్మంలో దభీమని పడేశాడు.

"అన్నా, దీని పళ్ళు రాలిపోయినాయి. కొత్త పళ్ళు కట్టియ్యాల," అన్నాడు.

బావ గోనె విప్పి చూశాడు. ఇంజను శక్తిని బోరు తిప్పే గేరుపెట్టెకు అందించే షాఫ్టు అది. దాని చివర చుట్టూ పొడుగునా సన్నటి పళ్ళు ఉంటాయి. గేరుపెట్టె వైపున్న హబ్బు అనే ఉక్కు దిమ్మ రంధ్రం లోపల కూడా అలాంటి పళ్ళే ఉంటాయి. ఒకదాని పళ్ళు ఇంకొకదాని సందుల్లోకి జారిపోయి, రెండూ కలిసి తిరుగుతాయి. స్ప్లైన్ అంటారు దాన్ని. డ్రిల్లర్ తెచ్చిన షాఫ్టుకు పళ్ళన్న మాటే లేదు. రాతిపొర తగిలి ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు అన్నీ చీరుకుపోయి, లోహం నలిగి ముద్దయింది. జీపులోంచి దించిన హబ్బు మాత్రం గట్టిది, బాగానే మిగిలింది. అంచు కాస్త దెబ్బ తిన్నదంతే.

"తెప్పించుకోకూడదా?" అన్నాన్నేను.

"ఓడలో వచ్చేలోపల మేము ముసలోళ్ళమైపోతాం. ఆడ బోరులో తడి మన్ను పడతాండాది అప్పా! ఇంకొంచెం దిగితే నీళ్ళే. వచ్చే వారం బండిని గుత్తి వైపు తీసుకపోవాల్నని ఆర్డరు ఉండాది. ఊరోళ్ళు నన్ను చూసే చూపు నువ్వు చూడాల," అన్నాడు డ్రిల్లర్.

ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. యంత్రంతో పాటు వచ్చిన పటం. రాత మాకెవరికీ తెలియని భాష. కానీ బొమ్మా, అంకెలూ ఏ భాషలోనైనా ఒకటే గదా. షాఫ్టు చివరి నుంచి ఒక గీత బయటికి వచ్చి, దాని కొసన ఇలా ఉంది: z = 24, m = 2, 30°. పక్కన ఒకే ఒక పన్ను పెద్దది చేసి గీసిన చిన్న బొమ్మ.

"ఆ z అంటే పళ్ళ లెక్క, ఆ 30° పన్ను పక్కల వాలు. యంత్రం బిగించేదానికి వచ్చిన విదేశీ మెకానిక్కు చెప్పినాడు," అన్నాడు డ్రిల్లర్. హబ్బులో వేలుపెట్టి లెక్కపెట్టాం. సరిగ్గా ఇరవై నాలుగు.

m అంటే మాడ్యూల్ అని నాకు తెలుసు. బెంగళూరులో పని నేర్చుకునేటప్పుడు ఒకటి రెండుసార్లు చూశాను. మా అంగుళాల గేర్లలో ఒక అంగుళం వ్యాసానికి ఎన్ని పళ్ళు పడతాయో చెబుతారు. మాడ్యూల్ దానికి తలకిందులు. ఒక్కో పన్నుకు వ్యాసంలో ఎన్ని మిల్లీమీటర్లు వస్తాయో చెబుతుంది. కాబట్టి పళ్ళ లెక్కను మాడ్యూల్‌తో గుణిస్తే పిచ్ వ్యాసం. ఇరవై నాలుగు రెళ్ళు నలభై ఎనిమిది మిల్లీమీటర్లు. అక్కడిదాకా ముగ్గురికీ పేచీ లేదు.

కానీ పని పిచ్ వ్యాసంతో ఆగదు గదా. అది లోహం మీద కనబడని వలయం. పన్ను పక్కల మీద ఎక్కడో మధ్యలో ఉందనుకునే గీత. దానికి కాలిపర్స్ ఆనించలేం. లేత్ మీద కమ్మీని ఎంత లావున తిప్పాలో తెలియాలంటే పళ్ళ కొనల దాకా ఉండే పై వ్యాసం కావాలి.

"అది నాకు పాలు తాగినప్పటి నుంచీ తెలుసు," అన్నాడు బావ. "పళ్ళకు రెండు కలుపు, మాడ్యూల్‌తో గుణించు. ఇరవై ఆరు రెళ్ళు యాభై రెండు. ఇంతమాత్రానికి ఇంతసేపా?"

గేరుకు అది సరైన లెక్కే. ఆయన జీవితమంతా గేర్లకు అలాగే తిప్పాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. నేనూ తలూపాను. ఆ చిన్న బొమ్మలో పన్ను పక్కన 0.5 m, 0.75 m అని రెండు చోట్ల రాసి ఉంటే, అదేమిటని అడిగాను. బావ కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పకపకా నవ్వాడు.

"అర మీటరంట రా! అర మీటరు పన్ను! ఏనుక్కు కూడా ఉండదు. గీసినోడు తాగి గీసినాడు."

డ్రిల్లర్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

పని చెయ్యడానికి మా దగ్గర సరైన ఉక్కు ఒకే ముక్క ఉంది, పాత రోడ్డు రోలరు ఇరుసు నుంచి కోసింది. అందుకని బావ ముందుగా తుమ్మకొయ్య మీద ఒక నమూనా చేసి హబ్బులో వేసి చూద్దామన్నాడు. ఆ ముందుచూపు ఆయనదే. ఆ సంగతి ఈరోజుకీ అందరికీ చెబుతాను. యాభై రెండు మిల్లీమీటర్లకు కొయ్యను తిప్పి ఇచ్చాడు. హబ్బు పన్ను ఆకారం కంటితో చూసి, అదే ఆకారానికి ఒక కోత ఉలి సానబట్టి, నేను మిల్లింగ్ మీద ఇరవై నాలుగు గాళ్ళు కోశాను. నా మిషన్ మీదున్న విభజన చక్రం హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే కమ్మీ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇరవై నాలుగు భాగాలు రావాలంటే ఒక్కో గాడికి ఒక పూర్తి చుట్టు, ఆపైన ఆ చక్రం పలకలోని పదిహేను రంధ్రాల వలయంలో పది రంధ్రాలు. ఆ లెక్క తప్పితే చివరి పన్ను సగమే మిగులుతుంది. తప్పలేదు.

కానీ కొయ్య హబ్బులోకి పోలేదు. అసలు అంచు దగ్గరే ఆగిపోయింది. డ్రిల్లర్ తన బలమంతా పెట్టి నొక్కాడు, బావ నొక్కాడు, ఇద్దరూ కలిసి నొక్కారు.

"హబ్బు అంచు నలిగినాది, అందుకే పోలా," అన్నాడు బావ. అరంతో అంచు సరిచేశాం. అయినా పోలేదు.

"బావా, లోపల ఎంత వ్యాసం ఉండాదో తెలుసుకోకుండా పైన ఎంత నొక్కితే ఏం లాభం? గంధకం పోసి అచ్చు తీస్తాను," అన్నాను. గంధకం కరిగించి రంధ్రంలో పోస్తే, చల్లారాక లోపలి ఆకారమంతా అచ్చుగా బయటికి వస్తుంది. ముందు రంధ్రానికి పలచగా నూనె పూయాలి, అంతే. బెంగళూరులో మా మేస్త్రీ చేస్తుండగా చూశాను. నేను మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

బొగ్గుల కుంపటి మీద గిన్నెలో గంధకం పెట్టాను. మంట తక్కువగా ఉంచాలన్నది మర్చిపోయి విసనకర్రతో విసిరాను. గిన్నెలో నీలిమంట లేచింది. ఆ వాసన మా వర్క్‌షాపు నిండి, వెనకింట్లోకి పోయి, వీధి దాటి ఎదురిళ్ళకు పోయింది. అక్క పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తాండారప్పా మీరిద్దరూ! చుట్టాలొచ్చి కూర్చోనుంటే ఇల్లంతా పొగ పెడ్తారా? వాళ్ళు దగ్గుకుంటా లేచి పోయినారు!"

"పోతే పోనీలే. మీ అత్తగారి చుట్టాలే గదా," అన్నాన్నేను.

"మా అమ్మ వైపోళ్ళు గాదు, నీ అమ్మ వైపోళ్ళే!" అన్నాడు బావ దగ్గుతూనే. ఆ తర్వాత అక్క ఆ గిన్నెను ఇంట్లోకి రానివ్వలేదు. అది వర్క్‌షాపు గిన్నెగానే మిగిలింది.

రెండోసారి నెమ్మదిగా కరిగించి పోశాను. చల్లారాక చెక్కముక్కతో మెల్లగా నెడితే అచ్చు జారుకుంటూ బయటికి వచ్చింది. పసుపుపచ్చగా, నున్నగా, పళ్ళతో, దాన్ని చూస్తే మా ముగ్గురికీ ముద్దొచ్చింది. కాలిపర్స్ పెట్టాను. పై వ్యాసం యాభై ఒకటి.

"చూసినావా బావా! యాభై రెండు గాదు, యాభై ఒకటి," అన్నాన్నేను గర్వంగా. "గంధకం అబద్ధం చెప్పదు. షాఫ్టు ఎట్లుండాల్నో అచ్చం ఇట్లే ఉండాదిది."

బావ కాసేపు గొణిగాడు. ఇరవై నాలుగుకు ఒకటిన్నర కలిపి రెండుతో గుణిస్తే యాభై ఒకటి. ఒకటిన్నర కలపడమనేది ఆయన ఏ గేరులోనూ వినలేదు. అయినా చేతిలోని అచ్చును నమ్మి, ఇంకో కొయ్య తీసుకుని యాభై ఒకటికి తిప్పాడు. నేను ఈసారి ఉలిని అచ్చులోని సందుకు సరిగ్గా సానబట్టి గాళ్ళు కోశాను.

ఈ నమూనా హబ్బులోకి కొంచెం పోయింది. మేం కేకలు పెట్టాం. చెక్క సుత్తితో కొడితే ఇంకొంచెం పోయింది. గట్టిగా కొడితే సగం దాకా పోయి బిగుసుకుంది. ఇక లోపలికీ పోదు, బయటికీ రాదు. డ్రిల్లర్ హబ్బును కాళ్ళ మధ్య పట్టుకుని కొయ్యను గుంజుతుంటే, బావ ఆయన నడుం పట్టుకుని గుంజాడు. ఎదురింటి పిల్లలు గుమ్మం దగ్గర గుంపుగా చేరారు. చివరికి ఉలితో కొయ్యను చీల్చి ముక్కలు ముక్కలుగా బయటికి తీశాం.

అది శుక్రవారం. బావ చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని నమాజుకు పోయాడు. నేను కూడా పోవలసినవాడినే. ఆ రోజు మాత్రం కోపంతో కూర్చుండిపోయాను. చీలిన కొయ్య ముక్కల్ని చేతిలో తిప్పి చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. పళ్ళ కొనలు మాత్రమే నలిగి మెరుస్తున్నాయి. పక్కలు ఎక్కడా రాసుకోలేదు. అంటే షాఫ్టు కొనల దగ్గరే హబ్బు గాడి అడుగుకు తగులుతోంది.

డ్రిల్లర్ నా పక్కనే బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు చూపించాను.

"ఆ విదేశీ మెకానిక్కు నాకు స్ప్లైన్ గురించి చేతుల్తో చూపించినాడప్పా," అన్నాడు ఆయన. "మాట నాకు రాదు, నా మాట ఆయప్పకు రాదు. ఇట్ల రెండు చేతులూ పెట్టినాడు."

ఆయన ఒక చేతి వేళ్ళను ఇంకో చేతి వేళ్ళ సందుల్లోకి దూర్చాడు. అయితే మొదలంటా దూర్చలేదు. వేళ్ళ కొనలకు, ఎదుటి చేతి సందుల అడుగుకు మధ్య కాస్త ఖాళీ వదిలాడు. "ఇట్ల పెట్టి, ఈ పక్కల్ని రాసి చూపించి తల ఊపినాడు. కొనల్ని తాకి, తల అడ్డంగా ఊపినాడు. నేనేమో పూజ చేస్తాండాడేమో అనుకున్నా."

నేను పటం మళ్ళీ తీశాను. పక్కలే ఒత్తిడి మోయాలి, కొనలు తాకకూడదు. అలా అయితే షాఫ్టు పన్ను ఎత్తు, హబ్బు గాడి లోతు ఒకటి కాకూడదు. చిన్న బొమ్మలో చూస్తే చుక్కల గీతతో పిచ్ వలయం గీసి ఉంది. దాని నుంచి షాఫ్టు పన్ను కొన దాకా 0.5 m. అదే వలయం నుంచి హబ్బు గాడి అడుగు దాకా 0.75 m. ఆ m మీదా, పైన ఉన్న m = 2 మీదా నా కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. రెండూ ఒకే వాలు రాత.

నవ్వొచ్చింది. అంత గట్టిగా నవ్వితే అక్క మళ్ళీ ఏమైందోనని వచ్చి చూసింది.

"అక్కా, అర మీటరు గాదు! అర మాడ్యూల్!" అన్నాను.

"మీటరు సంగతి నేను ముందే చెప్పినా, దాంట్లో ఏదో మోసం ఉండాదని," అంది అక్క.

బావ నమాజు నుంచి రాగానే వర్క్‌షాపు నేల మీద బొగ్గుతో రాసి చూపించాను. మాడ్యూల్ రెండు. దాంట్లో సగం ఒకటి. పిచ్ వలయం మీద పన్ను ఒక మిల్లీమీటరు ఎత్తు లేస్తుంది. రెండు వైపులా కలిపి రెండు మిల్లీమీటర్లు. నలభై ఎనిమిదికి రెండు కలిపితే షాఫ్టు పై వ్యాసం యాభై. హబ్బుకు ముప్పావు మాడ్యూల్, అంటే ఒకటిన్నర. రెండు వైపులా మూడు. నలభై ఎనిమిదీ మూడూ యాభై ఒకటి. గంధకం చెప్పింది అదే. కానీ అది హబ్బు అడుగు కొలత, షాఫ్టు కొలత కాదు. కరిగిన గంధకం మూలమూలకూ పోతుంది, షాఫ్టు అలా పోకూడదు.

బావ నేల మీది లెక్కను వేలితో ఒక్కో అంకే చదివాడు.

"అంటే పళ్ళకు రెండు గాదు, ఒకటి కలపాల. ఇరవై అయిదు రెళ్ళు యాభై," అన్నాడు. తర్వాత ఆయనే కారణం కూడా చెప్పాడు. "గేరు పన్ను దొర్లుతాది రా. ఒకటి వదిల్తే ఇంకొకటి పట్టుకోవాల, అందుకే పొడుగు కావాల. ఇది దొర్లదు గదా. ఇరవై నాలుగు పళ్ళూ ఒకేసారి పట్టుకోనుంటాయి. పొట్టిదైనా చాలు, లావుగా ఉంటే చాలు. నేను గేరు లెక్క పెట్టి చెడగొట్టినా."

"నేను గంధకం లెక్క పెట్టి చెడగొట్టినా," అన్నాన్నేను.

"నేనేం లెక్కా పెట్టలా, ఊరకే గుంజినా," అన్నాడు డ్రిల్లర్.

చివరిగా ఒక్క పరీక్ష మిగిలింది. పిచ్ వలయం మీద పన్ను మందమూ, సందు వెడల్పూ సమానంగా ఉండాలి. ఆ వలయం చుట్టుకొలతను ఇరవై నాలుగు పళ్ళూ, ఇరవై నాలుగు సందులూ కలిపి నలభై ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగం మూడు మిల్లీమీటర్ల మీద కొంచెం, మూడు పాయింట్ ఒకటి నాలుగు. గంధకం అచ్చు పన్నును నలభై ఎనిమిది వ్యాసం దగ్గర కొలిస్తే దాదాపు అంతే వచ్చింది. షాఫ్టుకూ హబ్బుకూ పై వ్యాసాలు వేరైనా, ఈ వలయం మాత్రం రెండింటికీ ఉమ్మడి అని అప్పుడు నా మనసుకు పట్టింది.

ఆ ఇరుసు ముక్క కోతకు లొంగేలా ముందే ఎర్రగా కాల్చి, వేరుశెనగ పొట్టు బూడిదలో పూడ్చి చల్లార్చి ఉంచాం. బావ దాన్ని లేత్ మీదికి ఎక్కించాడు. ఆయన మైక్రోమీటరు అంగుళాలదే. యాభై మిల్లీమీటర్లంటే ఒక అంగుళం మీద తొమ్మిది వందల అరవై ఎనిమిది థౌలు. అంతకంటే వెంట్రుకవాసి తక్కువకు తిప్పి, చమురు తుడిచి నా చేతికిచ్చాడు. నేను పై నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోతుకు, కొంచెం కొంచెంగా దింపుతూ గాళ్ళు కోశాను. అప్పుడు షాఫ్టు పళ్ళ అడుగు వ్యాసం నలభై అయిదు. ఒక్కో గాడికీ ఒక చుట్టూ, పది రంధ్రాలూ అని నోట్లోనే గొణుక్కుంటుంటే, బావ పక్కన నిలబడి తనూ గొణిగాడు. మధ్యలో ఎవరో వచ్చి పంపు సంగతి అడిగితే ఇద్దరం ఒకేసారి చెయ్యెత్తి ఆపాం.

మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాక, ఒకటి రెండు పళ్ళు కాస్త బిగువనిపిస్తే సానరాతితో పక్కల్ని తోమాం. ఆ తర్వాత డ్రిల్లర్ హబ్బును బల్ల మీద నిలబెట్టాడు. బావ షాఫ్టును దాని మూతి మీద పెట్టి చేతులు వదిలేశాడు. అది తన బరువుతో తనే, మెల్లగా, చమురు బుడగలు పైకి తెస్తూ అడుగుదాకా జారిపోయింది. పట్టుకుని అటూ ఇటూ తిప్పితే కదలిక దాదాపు లేదు. డ్రిల్లర్ దాన్ని పైకి తీసి మళ్ళీ వదిలాడు. మళ్ళీ జారింది. ఆయన ఆ ఆట ఎంతసేపు ఆడాడంటే, చివరికి బావ దాన్ని ఆయన చేతిలోంచి లాక్కోవలసి వచ్చింది.

మేమిద్దరం కూడా జీపులో కుందుర్పి వైపు పోయాం. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా ఎండిన శెనక్కాయ చేలు. ఊళ్ళో చాలామంది అప్పటికే బండి చుట్టూ చేరి ఉన్నారు. షాఫ్టు బిగించి, ఇంజను తిప్పారు. బోరు గొట్టం కదిలి తిరగడం మొదలుపెట్టగానే నేను గేరుపెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు ఎక్కడా మారలేదు. రాతిపొర తగిలినప్పుడు యంత్రమంతా వణికింది. బావ కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. పొర దాటింది.

పొద్దు వాలకముందే గొట్టంలోంచి ముందు బురద, తర్వాత బూడిదరంగు నీళ్ళు, ఆ తర్వాత తెల్లగా నీళ్ళు ఎగిరాయి. ఆడవాళ్ళు బిందెలతో పరిగెత్తుకొస్తుంటే డ్రిల్లర్ చేతులడ్డం పెట్టి, "ఇంకా మన్నుండాది తల్లీ, కొంచెం సేపు ఆగండి," అని అరిచాడు. ఎవరూ ఆగలేదు. ఒక ముసలాయన దోసిలి పట్టి తాగి, "ఉప్పగా లేదు," అన్నాడు. అంతే, పిల్లలందరూ ఆ ధార కిందికి దూకారు.

బావ చొక్కా విప్పకుండానే, జేబులో మైక్రోమీటరు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, వాళ్ళ మధ్యకు పోయి నిలబడ్డాడు. నేను అరిస్తే వినబడలేదు. ఆ ఊరివాళ్ళు మాకు రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి పెట్టారు. తడిబట్టలతోనే జీపెక్కి, అనంతపురం చేరేదాకా బావ ఆ మైక్రోమీటరును గాలికి ఆరబెడుతూ కూర్చున్నాడు.